రేడియేషన్ చివరి రోజు చెప్పాల్సిన మాటలు

రొమ్ము క్యాన్సర్‌కి ఆపరేషన్ అయ్యాక రేడియేషన్ ఇచ్చేటప్పుడు, పేషెంటుకి చెప్పాల్సినదంతా మొదటి రోజే చెప్పేయడం మన దగ్గర అలవాటు. మిషన్ ఎలా ఉంటుంది, ఎన్ని సిట్టింగులు, ఏం రాసుకోవాలి, ఏం తినాలి, అన్నీ ఆ ఒక్క రోజే. చివరి రోజు మాత్రం కాగితాలు చేతిలో పెట్టి, "అయిపోయిందమ్మా, నెల తర్వాత చెకప్‌కి రండి" అని పంపించేస్తారు. రేడియేషన్ విభాగంలో నర్సుగా పనిచేస్తున్న నాకు ఇది తలకిందుల వ్యవహారంగా కనిపిస్తుంది. కూర్చోబెట్టి, నిదానంగా, ఎక్కువ సేపు చెప్పాల్సింది చివరి రోజు. ఎందుకంటే ఈరోజుల్లో చాలామందికి చర్మం పాడయ్యేది చివరి సిట్టింగు అయ్యాకే.

ఇప్పుడు ఇది రాయడానికి కారణం ఒక ఫోన్. మా ఊరి వైపు, పల్నాడులో, మిరప కోతలకి వెళ్ళే ఆవిడ ఒకామె. యాభై దాటాయి. కుడి రొమ్ము తీసేశారు, కీమో అయింది, వేరే ఊళ్ళో ఒక ఆసుపత్రిలో ఛాతీకీ, మెడ కింది భాగానికీ 15 సిట్టింగులు రేడియేషన్ పెట్టారు. అది అయిపోయిన పది రోజులకి వాళ్ళ అమ్మాయి ఏడుస్తూ ఫోన్ చేసింది.

"అక్కా, మా అమ్మకి కరెంటు ఎక్కువ పెట్టినట్టున్నారు. పెట్టినన్నాళ్ళూ బానే ఉంది. ఇంటికొచ్చాక చంకలో తోలు ఊడి నీరు కారతా ఉంది. మా ఊరి ఆర్‌ఎంపీ గారు చూసి, లోపలంతా కాలిపోయింది అన్నాడు."

ఫొటో పంపమన్నాను. ఛాతీ కుడి వైపంతా నల్లగా కమిలి ఉంది, అంచులు గీత గీసినట్టు తిన్నగా ఉన్నాయి. చంక మడతలో మాత్రం రూపాయి బిళ్ళలంత మచ్చలు రెండు మూడు కలిసిపోయి, పై చర్మం పోయి, లేత ఎరుపుగా తడిగా కనిపిస్తున్నాయి. చుట్టూ పసుపు, ఎండిన వేపాకు ముద్ద. జ్వరం ఉందా అంటే లేదంది. వాసన, చీము? లేవంది. రేడియేషన్ మోతాదు ఎక్కువైందని చెప్పే లక్షణాలు కావివి. 15 సిట్టింగుల తర్వాత రెండో వారంలో, చంక మడతలో, కొందరికి అచ్చంగా ఇలాగే అవుతుంది. అవుతుందని ఆ ఇంట్లో ఒక్కరికీ తెలియదు. అదీ నా బాధ.

ఎందుకు ఆలస్యంగా వస్తుంది

ఆ అమ్మాయికి ఫోన్‌లో చెప్పింది ఇక్కడా చెబుతాను. చర్మంలో అట్టడుగు పొర నారుమడి లాంటిది. అక్కడ పుట్టిన కణాలు మెల్లగా పైకి వస్తుంటాయి, పైన ముదిరినవి రాలిపోతుంటాయి. రేడియేషన్ దెబ్బ తగిలేది నారుమడికి. పైనున్న పైరు అప్పటికి పచ్చగానే ఉంటుంది, అందుకే మొదటి వారం, రెండో వారం ఏమీ కనిపించదు. పైవి రాలిపోయే వేళకి కింద నుంచి రావాల్సిన నారు తక్కువ పడుతుంది. అప్పుడు చర్మం పలచబడి, పొట్టు రాలి, మడతల్లో అయితే తడి పుండవుతుంది. ఇదంతా జరగడానికి మొదలుపెట్టిన రోజు నుంచి నాలుగైదు వారాలు పడుతుంది.

ఇక్కడే లెక్క మారింది. ఒకప్పుడు రొమ్ము క్యాన్సర్‌కి 25 సిట్టింగులు, ఐదు వారాలు పెట్టేవాళ్ళు. చర్మం నల్లబడి పొట్టు లేచే వేళకి పేషెంటు ఇంకా రోజూ ఆసుపత్రికి వస్తూనే ఉండేది. టెక్నీషియన్ చూసేవాడు, నర్సు చూసేది, డాక్టరు గారు వారానికోసారి చూసేవారు. బ్రిటన్‌లో రొమ్ము క్యాన్సర్ పేషెంట్ల మీద జరిగిన స్టార్ట్ అనే పరీక్షల ఫలితాలు 2008లో వచ్చాక, 15 సిట్టింగుల్లో 40 గ్రే మోతాదు రేడియేషన్ ఇచ్చే పద్ధతి ప్రపంచమంతా పాకింది. మన దగ్గరా ఇప్పుడు చాలా చోట్ల అదే. 2020లో ఫాస్ట్ ఫార్వర్డ్ అనే ఇంకో పరీక్ష ఫలితాలు వచ్చాయి, 5 సిట్టింగుల్లో, ఒకే వారంలో 26 గ్రే. సిట్టింగులు తగ్గించడంలో అన్యాయం ఏమీ లేదు. క్యాన్సర్ మీద ఫలితం తగ్గలేదు, పైగా 15 సిట్టింగుల వాళ్ళకి చర్మం పాత పద్ధతి కన్నా తక్కువగానే పాడవుతుంది. గది అద్దెకి తీసుకుని నగరంలో ఉండాల్సిన కుటుంబానికి రెండు వారాల ఖర్చు కూడా మిగులుతుంది.

కానీ చర్మం తన లెక్కలోనే నడుస్తుంది. మూడు వారాల్లో వైద్యం ముగిసిపోతే, నాలుగైదు వారాలకి వచ్చే మార్పు ఇంట్లో వస్తుంది. సిట్టింగులు తగ్గించాం, చెప్పే పద్ధతి మాత్రం ఐదు వారాల కాలం నాటిదే మిగిలిపోయింది. 5 సిట్టింగుల వాళ్ళకైతే, చర్మానికి జరిగేదంతా ఆసుపత్రి గుమ్మం దాటాకే జరుగుతుంది.

మొదటి రోజు ఏం చెప్పాలి మరి

మొదటి రోజు చెప్పొద్దని కాదు నేననేది. ఆ రోజు పేషెంటు మనసులో ఉండేది ఆ గదే. కరెంటు అంటారు కాబట్టి షాక్ కొడుతుందేమో అనుకుంటారు. తలుపు మూసేసి అందరూ బయటికి పోతారని వినుంటారు. ఆ రోజుకి ఆ భయం తీర్చితే చాలు.

ముందు ఒక సీటీ స్కాన్ తీస్తారు, చేతులు పైకెత్తి పడుకోబెట్టి. ఛాతీ మీద చుక్కలో గీతలో పెడతారు. ప్లాన్ తయారుకావడానికి కొన్ని రోజులు పడుతుంది. ఆ తర్వాత సోమవారం నుంచి శుక్రవారం దాకా రోజుకొకటి. గదిలో ఉండేది పది పదిహేను నిమిషాలైతే అందులో ఎక్కువ భాగం సరిగ్గా పడుకోబెట్టడానికే పోతుంది. మిషన్ ఆన్ అయ్యేది నిమిషాల లెక్క. మిషన్ చుట్టూ తిరుగుతుంది, గుయ్‌మని చప్పుడు వస్తుంది, ఒంటికి తగలదు, నొప్పి ఉండదు. కెమెరాలో చూస్తూనే ఉంటారు, మాట్లాడితే వినపడుతుంది. ఇంటికి వెళ్ళి మనవరాలిని ఎత్తుకోవచ్చు, ఒంట్లో రేడియేషన్ ఏమీ మిగలదు. తల జుట్టు ఊడదు, కీమోకి ఊడిన జుట్టు ఈలోగా మళ్ళీ వస్తుంది.

ఇంకొకటి ఉంది, మిషన్ కన్నా పెద్దది. మంగళసూత్రం. గొలుసు స్కాన్‌కీ అడ్డమే, రోజూ ఆ చర్మం మీద రాపిడి కూడా. తీయమంటే కొందరు ఒక్క మాటా మాట్లాడకుండా బిగుసుకుపోతారు. ఒకామె రెండు చేతులతో పట్టుకుని అలాగే నిలబడిపోయింది, వెనక నలుగురు ఎదురుచూస్తున్నారు. బయటున్న ఆయన్ని పిలిచి, సూత్రాలు మాత్రం పసుపు దారానికి గుచ్చి ఎడమ చేతి మణికట్టుకి కట్టమన్నాను. ఆయనే కట్టాడు. చివరి సిట్టింగు దాకా అది అలాగే ఉంది. ఈ సంగతి ఇంటి దగ్గర ఉండగానే చెబితే, అత్తగారినీ పురోహితుడినీ అడుక్కుని సిద్ధమై వస్తారు. గుడ్డలు మార్చుకునే గదిలో చెబితే ఏడుస్తారు.

స్నానం సంగతి

నాకు చాలా రోజులుగా గొంతులో ముల్లులా ఉన్న విషయం ఇది. "ఆ భాగానికి తడి తగలనివ్వకండి" అని చాలామందికి చెబుతారు. దానికి మూలం ఉంది. గీతలు ఇంకుతో పెట్టే చోట, అవి చెరిగితే మళ్ళీ కొలతలన్నీ చూసుకోవాలి. కాబట్టి గీతలు ఉన్నన్నాళ్ళూ రుద్దకూడదు, చెరిగితే ఇంట్లో పెన్నుతో దిద్దకూడదు. అంతవరకు నిజం. అయితే జనానికి అర్థమయ్యేది వేరు. నీళ్ళు తగిలితే చర్మం పాడవుతుందని. అది నిజం కాదు. గోరువెచ్చటి నీళ్ళతో, ఘాటు లేని సబ్బుతో కడుక్కున్నవాళ్ళకి చర్మం ఎక్కువ పాడవదని పరీక్షలు చేసి తేల్చి చాలా ఏళ్ళయింది. పల్నాడు ఎండల్లో, చంకలో చెమట, ఉప్పు, దుమ్ము మూడు వారాలు అలాగే ఉంచితేనే దురద, వాసన, పుండు ఎక్కువవుతాయి.

ఇంకా విచిత్రం ఏమిటంటే, చివరి సిట్టింగు అయ్యాక ఆ గీతలతో పనే లేదు. అయినా ఆ ఆంక్ష తీసేశామని ఎవరూ చెప్పరు. ఫోన్ చేసిన అమ్మాయిని అడిగాను, అమ్మ స్నానం చేస్తోందా అని. "నడుము దాకానే పోస్తున్నాం అక్కా, తడపొద్దన్నారుగా" అంది. పది రోజులు. మిరప కోతలకి వెళ్ళడం కూడా మొదలుపెట్టేసింది ఆవిడ, బిగుతు జాకెట్టు వేసుకుని. కల్లంలో మిరప ఘాటు, చెమట, ఆ మడత. పుండు ఇంతగా ముదరడానికి వేరే కారణం వెతకక్కర్లేదు.

చివరి రోజు నేను చెప్పేది

నేను అన్నీ ఒక వరసలో చెబుతాను, ఇంటికి వెళ్ళాక ఒక్కో వారం ఏం జరుగుతుందో ఆ వరసలో. పేషెంటుకే చెబుతాను. కొడుకుని వరండాలోకి పిలిచి చెబితే, అమ్మ భయపడుతుందని అతను సగం దాచేస్తాడు. చంక ఆమెది, చూసుకోవాల్సింది ఆమె. నా మాటలు ఇంచుమించు ఇలా ఉంటాయి:

"అమ్మా, మిషన్ ఈరోజుతో ఆగింది గానీ దాని పని ఇంకో రెండు వారాలు నడుస్తుంది. చర్మం ఇప్పుడున్నదానికన్నా నల్లబడుతుంది, వెచ్చగా అనిపిస్తుంది, దురద పెడుతుంది. పొట్టు లేవొచ్చు. చంకలో మడత పడే చోట నీరు కారినా కారొచ్చు, అందరికీ రాదు. అది వచ్చిందంటే ఎక్కువ పెట్టినట్టు కాదు, లోపల కాలినట్టు కాదు. మూడు నాలుగు వారాలకి కొత్త చర్మం వస్తుంది. ఈరోజు నుంచి శుభ్రంగా పోసుకోండి. సున్నిపిండీ పీచూ వద్దు, చేత్తోనే రాసుకోండి, మెత్తటి పాత నూలు గుడ్డతో అద్దుకోండి. వాసన లేని మామూలు క్రీము పూటకోసారి పలచగా రాయండి, పొట్టు లాగొద్దు. పసుపు, వేపాకు, పౌడరు, అమృతాంజనం లాంటివేవీ వద్దు. ఆ చంకలో జుట్టు తీయొద్దు. ప్లాస్టరు అంటించొద్దు, తీసేటప్పుడు తోలు దాంతోనే వస్తుంది. జాకెట్టు వదులుగా కుట్టించుకోండి. నెల దాకా కల్లానికి వెళ్ళొద్దు."

పసుపు వద్దంటే చాలామందికి నచ్చదు. పుండుకి పసుపు పెట్టి పెరిగిన వాళ్ళం. కానీ పసుపు ముద్ద ఎండి తడి పుండుకి అతుక్కుంటుంది, తీసేటప్పుడు కొత్తగా వస్తున్న చర్మం కూడా ఊడుతుంది. పైగా చీము పట్టిందో లేదో ఆ రంగు కింద కనిపించదు. ఈ రెండో మాట చెబితే చాలామంది ఒప్పుకుంటారు.

ఇంకో జాగ్రత్త మందుల షాపు. దురద అంటే చాలు, స్టెరాయిడ్, యాంటీబయోటిక్, ఫంగస్ మందు కలిపిన ట్యూబు ఒకటి చేతిలో పెడతారు. స్టెరాయిడ్ క్రీము రేడియేషన్ దురదకి పనికొస్తుంది, డాక్టర్లు రాస్తారు కూడా, ఒక రకం, ఇన్ని రోజులని. కానీ తెరిచిన పుండు మీద, ఎంత బలమైనదో తెలియకుండా, వారాల తరబడి రాయడం వేరు.

మన చర్మం గురించి ఒక మాట. తెల్లవాళ్ళ కోసం రాసిన కరపత్రాలని తెలుగు చేసి ఇస్తుంటారు, వాటిలో "చర్మం ఎర్రబడుతుంది" అని ఉంటుంది. మన చామనఛాయ మీద ఎరుపు సరిగా కనిపించదు. ఎరుపు కోసం చూస్తూ కూర్చుంటే నలుపు, బిగుతు, వేడి గమనించరు. నల్లబడటమే మనకి మొదటి గుర్తు. ఆ నలుపు నెలల మీద తగ్గుతుంది, కొందరికి కొంత మిగిలిపోతుంది.

"భయపెట్టడం కాదా?"

మా దగ్గర ఒక పెద్ద డాక్టరు గారితో దీని మీద వాదన జరిగింది. ఆయన మాట కొట్టిపారేయదగ్గది కాదు. "పదిమందిలో ఎక్కువమందికి నలుపు, కాస్త దురద తప్ప ఏమీ రాదు. నీరు కారుతుందని పదిమందికీ చెబితే పదిమందీ రెండు వారాలు అద్దం ముందే కూర్చుంటారు. లేని నొప్పి తెచ్చుకుంటారు" అన్నారు. నిజమే, అలాంటి వాళ్ళనీ చూశాను. సిట్టింగుకి ముందే చర్మం మండుతోందని ఏడ్చిన అమ్మాయి ఉంది.

అయినా నేను నా వైపే ఉన్నాను. చెప్పనివాళ్ళు భయపడకుండా ఏమీ లేరు, వాళ్ళ భయం వేరే దారిలో పోతుంది. పల్నాడు ఆవిడ ఇంట్లో అందరూ నమ్మింది, ఆసుపత్రివాళ్ళు తప్పు చేశారని. రెండోది, రేడియేషన్ మధ్యలో ఉన్నవాళ్ళకి ఆ నమ్మకం కుదిరితే మానేస్తారు. మధ్యలో ఆగితే మిగిలిపోయిన క్యాన్సర్ కణాలకి కోలుకునే సమయం ఇచ్చినట్టే. కాబట్టి డాక్టరు గారి మాటలో సగం తీసుకుని నేను ఒకటి మార్చుకున్నాను. వచ్చేవన్నీ వరసగా వల్లించను. ఒక్కోదానికీ చేయాల్సిన పని పక్కనే చెబుతాను. చేతికి పని ఉంటే భయం అంత పట్టదు.

టైము లేదనేది ఇంకో మాట. ఒకే మిషన్ మీద ఉదయం నుంచి రాత్రి దాకా పేషెంట్లు వరస కట్టి ఉన్న చోట, చివరి రోజు అరగంట ఎవరిస్తారు? అరగంట అక్కర్లేదు. మొదటి రోజు చెప్పేదాంట్లో చర్మం ముచ్చట సగం తీసి చివరి రోజుకి జరపమంటున్నాను. మొదటి రోజు విన్నది మూడు వారాల తర్వాత ఎవరికి గుర్తుంటుంది? ఆ పైన పదో రోజుకి ఒక ఫోన్, చంక ఫొటో ఒకటి చూపించమని. అది చాలు.

ఎప్పుడు పరిగెత్తాలి

పల్నాడు ఆవిడకి ఆ రోజే ఏం చేయించానో చెబుతాను. కాచి చల్లార్చిన అర లీటరు నీళ్ళలో ఒక చెంచా ఉప్పు కలిపి, శుభ్రమైన గుడ్డ ముంచి, ఆ పసుపు ముద్ద మీద పరిచి నాననివ్వమన్నాను. రుద్దకుండా దానంతటదే వచ్చింది. మర్నాడు దగ్గర్లోని ఆసుపత్రిలో సర్జన్ గారికి రేడియేషన్ కాగితాలతో సహా చూపించమన్నాను. ఆయన సిల్వర్ సల్ఫాడయజిన్ క్రీము రాసి, పుండుకి అతుక్కోని పారఫిన్ గాజ్ గుడ్డ వేసి, ప్లాస్టరు లేకుండా పలచటి నూలు బనీనుతో నిలబెట్టారు. ఇంట్లో ఉన్నంతసేపూ చేయి కాస్త ఎడంగా, దిండు మీద పెట్టుకోమన్నాను, గాలి తగిలేలా. రెండు వారాలకి తడి ఆరింది. ఆ తర్వాత పంపిన ఫొటోలో మడతలో లేత గులాబీ రంగు చర్మం కనిపించింది.

ఆగకుండా ఆసుపత్రికి రావాల్సినవి వేరు. జ్వరం 100.4 దాటినా, పచ్చటి చీము వచ్చినా, చెడు వాసన వేసినా, నొప్పి నిద్రపట్టనివ్వకపోయినా రావాలి. ఎరుపో వేడో వాపో ఆ తిన్నటి అంచు దాటి పక్కకి పాకినా రావాలి. అంచు లోపల ఉన్నది రేడియేషన్ పని. అంచు దాటి పాకుతుంటే ఇన్ఫెక్షన్ ఏమోనని అనుమానించాలి. ఇంట్లోవాళ్ళు ఎవరైనా చూసి పోల్చుకోగల గుర్తు ఇది.

నీరసం గురించి ఎక్కువ చెప్పను. అది చివరి వారంలో పెరిగి, అయిపోయాక కొన్ని వారాలు ఉంటుంది. పూర్తిగా మంచం పట్టకుండా పూటా కాసేపు నడిచేవాళ్ళు తొందరగా తేరుకుంటారు. మెడ కింది భాగానికి పెట్టినవాళ్ళకి మింగేటప్పుడు గొంతులో అడ్డుపడినట్టు కొన్నాళ్ళు ఉంటుంది, కారం తగ్గించి మెత్తగా తింటే సరిపోతుంది. భుజం బిగుసుకుపోకుండా చేయి పైకెత్తే వ్యాయామం మాత్రం చర్మం ఆరాక మళ్ళీ మొదలుపెట్టాలి. పుండుందని చేయి దాచుకున్నవాళ్ళకి ఆరు నెలలకి జడ వేసుకోవడం కూడా కష్టమవుతుంది.

చివరగా, చర్మం ఆరాక అందరూ మర్చిపోయేది ఒకటి. ఛాతీకి పెట్టిన రేడియేషన్ ఊపిరితిత్తి అంచుకి కొంచెం తగులుతుంది. కొద్దిమందికి నెల నుంచి ఆరు నెలల లోపు పొడి దగ్గు, ఆయాసం, సన్నటి జ్వరం వస్తాయి. మన ఊళ్ళలో ఈ మూడూ చెబితే ముందు టీబీ అంటారు, లేకపోతే సిరప్పు, యాంటీబయోటిక్. రేడియేషన్ వల్ల వచ్చిన వాపు అయితే దానికి మందు వేరు, అది క్యాన్సర్ డాక్టరు చూసి నిర్ణయించాలి. అందుకని డిశ్చార్జి రోజు ఇచ్చే కాగితంలో ఏ వైపు పెట్టారు, ఎన్ని గ్రే, ఎన్ని సిట్టింగులు, ఏ తేదీ నుంచి ఏ తేదీ దాకా అని ఉందో లేదో అక్కడే చూసుకోమంటాను, లేకపోతే రాయించుకోమంటాను. దాన్ని ఆధార్ కార్డు పెట్టుకునే కవర్లోనే పెట్టుకుని, ఏ డాక్టరు దగ్గరికి ఏ జబ్బుకి వెళ్ళినా, ముందు అదే తీసి చూపించమంటాను.